చూడకుండా కొన్న గీజరు, చట్టం చూసే తీరు

ఆన్‌లైన్‌లో కొన్న గృహోపకరణం లోపభూయిష్టంగా ఉన్నప్పుడు కొనుగోలుదారుకు ఏ హక్కులు వస్తాయి, అవి ఎందుకు వస్తాయి, వాటిని సాధించుకోవడానికి ఫిర్యాదు ఎక్కడ, ఎలా చేయాలి అన్నవి ఈ ప్రసంగంలోని విషయాలు. విషయం దేశమంతటికీ సంబంధించినదే అయినా, ఉదాహరణకు బెంగళూరు దక్షిణపు అంచున హోసూరు రోడ్డు మీద ఉన్న చందాపురను తీసుకోవడం సౌకర్యంగా ఉంటుంది. అనేకల్ తాలూకాకు చెందిన ఈ పట్టణంలో, దాని చుట్టుపక్కల బొమ్మసంద్ర పారిశ్రామిక వాడలోనూ ఎలక్ట్రానిక్ సిటీలోనూ పనిచేసే తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో కాపురముంటున్నారు; వారిలో చాలామంది ఇంటికి కావలసిన సామాను ఫోనులో చూసి తెప్పించుకుంటున్నారు; పైగా బోరు నీటి మీద ఆధారపడిన ఇళ్లు ఇక్కడ ఎక్కువ. ఈ చివరి సంగతికి ఈ చర్చలో ఎంత ప్రాధాన్యం ఉందో ముందుకు వెళ్లే కొద్దీ తెలుస్తుంది.

మొదట హక్కుకు మూలం ఎక్కడుందో చూడాలి. దుకాణానికి వెళ్లి కొనేవాడు వస్తువును చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, ప్లగ్గు పెట్టించి, మోత విని, డబ్బు కడతాడు. ఆన్‌లైన్‌లో కొనేవాడికి ఆ అవకాశం లేదు. అతడి ముందు ఉన్నవి కొన్ని బొమ్మలు, కొన్ని వాక్యాలు మాత్రమే. చాలామంది దీన్ని కొనుగోలుదారు బలహీనతగా భావిస్తారు, ‘చూడకుండా కొన్నాం, ఇక అనుభవించాల్సిందే’ అని సరిపెట్టుకుంటారు. చట్టం మాత్రం దీన్ని సరిగ్గా తలకిందులుగా చూస్తుంది. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం 15వ సెక్షను ప్రకారం, వర్ణనను బట్టి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోలాలన్నది ఒప్పందంలో ఎవరూ రాయకపోయినా ఉన్నట్టే లెక్క. 16వ సెక్షను ఇంకో అడుగు ముందుకు వేసి, అటువంటి సరుకుల వ్యాపారం చేసే అమ్మకందారు నుంచి వర్ణనను బట్టి కొన్న వస్తువు, మార్కెట్లో ఆ పేరుతో చలామణి కావడానికి తగిన నాణ్యతతో ఉండాలని చెబుతూ, ఒక మినహాయింపు పెడుతుంది: కొనేవాడు వస్తువును పరీక్షించి తీసుకున్నట్లయితే, ఆ పరీక్షలో బయటపడి ఉండవలసిన లోపాలకు ఈ రక్షణ వర్తించదు. అంటే దుకాణంలో సొట్ట చూసి కూడా తీసుకున్నవాడు తరువాత ఆ సొట్ట గురించి అడగలేడు. ఆన్‌లైన్‌లో కొన్నవాడు దేన్నీ పరీక్షించలేదు గనుక, ‘చూసే కదా తీసుకున్నారు’ అనే జవాబు అతడి విషయంలో అమ్మకందారుకు దొరకదు. చూడకుండా కొనడం వల్ల కొనుగోలుదారు హక్కు తగ్గలేదు, అమ్మకందారు తప్పించుకునే దారి ఒకటి మూసుకుపోయింది. పేజీ మీద రాసిన ప్రతి మాటా, అంటే లీటర్లు, వాట్లు, వారంటీ ఏళ్లు, అన్నీ వాగ్దానాలే అవుతాయి.

ఈ పాత సూత్రం మీదనే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిలబడింది. అది 2020 జులైలో అమల్లోకి వచ్చింది. వస్తువు కొనడం అంటే దుకాణంలో కొనడమే కాదని, ఎలక్ట్రానిక్ సాధనాల ద్వారా, టెలిషాపింగ్ ద్వారా కొనడం కూడా అందులోకి వస్తుందని ఈ చట్టం ‘వినియోగదారు’ అన్న పదాన్ని నిర్వచించేటప్పుడే స్పష్టం చేసింది. ‘లోపం’ అన్న పదానికి కూడా విశాలమైన అర్థం ఇచ్చింది: చట్టం ప్రకారం గానీ, ఒప్పందం ప్రకారం గానీ, అమ్మకందారు చెప్పుకున్న మాటల ప్రకారం గానీ వస్తువుకు ఉండవలసిన నాణ్యత, పరిమాణం, శక్తి, స్వచ్ఛత, ప్రమాణం, వీటిలో ఏ కొరత ఉన్నా అది లోపమే. వస్తువు పూర్తిగా పనిచేయకపోవడం ఒక్కటే లోపం కాదన్నమాట. పేజీ మీద 15 లీటర్లని రాసి 10 లీటర్ల గీజరు పంపినా లోపమే. మరమ్మతు చేస్తామని చెప్పి రాకపోవడం, వచ్చినా పని సగంలో వదలడం ‘సేవా లోపం’ కిందికి వస్తుంది. ఈ రెండూ వేరువేరు ఆరోపణలు. ఫిర్యాదులో రెండూ ఉండవచ్చు.

ఈ చట్టం కిందనే 2020 జులై 23న ఈ-కామర్స్ నిబంధనలు వెలువడ్డాయి. ఇవి రెండు రకాల సంస్థలను గుర్తిస్తాయి. మొదటిది, ఇతరుల సరుకుకు అంగడి వేదికగా మాత్రమే ఉండే ‘మార్కెట్‌ప్లేస్’. అందులో వస్తువు అమ్మేది వేరే వ్యాపారి, వేదిక నడిపేది వేరే సంస్థ. రెండవది, తన సొంత సరుకునే నేరుగా అమ్మే సంస్థ. ఫోనులో కనిపించే పెద్ద పేరును చూసి అదే అమ్మిందనుకోవడం సహజమే గానీ, ఇన్వాయిస్ తెరిచి ‘సోల్డ్ బై’ అన్న చోట చూస్తే తరచూ మరో పేరు ఉంటుంది. ఆ పేరూ చిరునామా ముఖ్యం, ఎందుకంటే నిబంధనలు వారిద్దరి మీదా వేరువేరు బాధ్యతలు పెట్టాయి. వస్తువు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా, దాన్ని వెనక్కి తీసుకోననడానికి గానీ డబ్బు తిరిగివ్వననడానికి గానీ అమ్మకందారుకు వీల్లేదు. వేదిక నడిపే సంస్థ అమ్మకందారు వ్యాపార నామం, భౌగోళిక చిరునామా, కస్టమర్ కేర్ నంబరు కొనుగోలుదారుకు కనిపించేలా ఉంచాలి. ఫిర్యాదుల అధికారిని నియమించి, అతడి పేరు, హోదా, సంప్రదించే వివరాలు ప్రదర్శించాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, అందిన తేదీ నుంచి నెలలోగా పరిష్కరించాలి. ప్రతి ఫిర్యాదుకూ టికెట్ నంబరు ఇచ్చి, అది ఏ దశలో ఉందో తెలుసుకునే వీలు కల్పించాలి.

ఇప్పుడు ఒక ఊహాజనితమైన సందర్భాన్ని తేదీలతో సహా పరిశీలించవచ్చు. చందాపురలో అద్దె ఇంట్లో ఉంటున్న ఒక కుటుంబం 15 లీటర్ల గీజరును 7,499 రూపాయలకు ఆన్‌లైన్‌లో కొన్నదని, అది అక్టోబరు 6న ఇంటికి చేరిందని, 8న కంపెనీ పంపిన టెక్నీషియనే వచ్చి గోడకు బిగించాడని అనుకుందాం. పేజీ మీద ‘7 రోజుల్లో మార్పిడి’ అని ఉంది. ఆ గడువు 13తో ముగిసింది. 29వ తేదీ ఉదయం గీజరు స్విచ్ వేయగానే ఇంటి ఎంసీబీ పడిపోయింది. మళ్లీ ఎత్తితే మళ్లీ పడింది. గీజరు అడుగున ఎలిమెంటు బిగించిన చోట తడి కనిపిస్తోంది. వేదికకు ఫోను చేస్తే మార్పిడి గడువు దాటింది గనుక బ్రాండు సర్వీసుకు ఫోను చేయమన్నారు. బ్రాండు సర్వీసు నుంచి వచ్చిన మనిషి ఎలిమెంటు విప్పకుండానే నల్లా నీటిని చేత్తో పట్టి చూసి, ‘ఇది బోరు నీళ్లు, హార్డ్ వాటర్ కేసు, వారంటీలోకి రాదు’ అని జాబ్‌షీటులో రాసి, ఎలిమెంటు మార్చడానికి డబ్బు అడిగాడు.

ఈ జాబ్‌షీటు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మొత్తం వివాదం దీని మీదే నడుస్తుంది. సర్వీసు మనిషి దగ్గరుండే ఫారంలో గానీ ఫోను యాప్‌లో గానీ కస్టమరు చెప్పిన సమస్య, పరీక్షలో తేలిన కారణం, చేసిన పని అని మూడు చోట్లు ఉంటాయి. రెండో చోట ‘హార్డ్ వాటర్’ అని పడితే, తరువాత కంపెనీ తన వాదనంతా ఆ రెండు మాటల మీద కడుతుంది. పని ముగిశాక కస్టమరు ఫోనుకు ఒక కోడ్ వస్తుంది. దాన్ని చెప్పగానే ఫిర్యాదు కంపెనీ లెక్కల్లో ‘పరిష్కారమైంది’ అని ముగుస్తుంది. మర్యాద కోసం, వచ్చిన కుర్రాడి ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదన్న సానుభూతితో చాలామంది ఆ కోడ్ చెప్పేస్తారు. ఆ సానుభూతి మంచిదే అయినా, గీజరు పనిచేయకుండానే కోడ్ చెప్పడమంటే పనిచేస్తోందని సంతకం పెట్టడమే. సమస్య తీరనప్పుడు కోడ్ చెప్పకుండా ఉండాలి. జాబ్‌షీటు ఫోటో తీసుకోవాలి. ఎలిమెంటు విప్పి చూపించమని అడగాలి. విప్పకుండానే కారణం రాస్తే, ‘ఎలిమెంటు విప్పి పరీక్షించలేదు’ అన్న వాక్యాన్ని అదే షీటు మీద కస్టమరు వ్యాఖ్యగా రాయించాలి, లేదా అదే రోజు కంపెనీకి ఈమెయిలులో రాసి పంపాలి.

హార్డ్ వాటర్ వాదన అబద్ధమని కొట్టిపారేయడానికి వీల్లేదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీటిని కాచినప్పుడు ఎలిమెంటు మీద తెల్లటి సున్నపు గార పేరుకుంటుంది. ఆ గార వేడిని నీటిలోకి పోనివ్వదు. ఎలిమెంటు తనలో తాను వేడెక్కి చివరికి కాలిపోతుంది. బోరు నీరు వాడే ఇళ్లలో గీజర్ల ఆయుష్షు తగ్గడానికి ఇదే ప్రధాన కారణం. కానీ గార అలా పేరుకోవడానికి సాధారణంగా నెలల తరబడి సమయం కావాలి, పేరుకున్నది కంటికి కనిపిస్తుంది. మూడు వారాలు వాడిన గీజరు ఎలిమెంటు విప్పి చూస్తే అది దాదాపు కొత్తదానిలా మెరుస్తూ ఉండి, దాని అంచున ఉండే రబ్బరు సీలు దగ్గర నీరు కారుతూ ఉంటే, తప్పు నీటిది కాదు, బిగింపుది గానీ తయారీది గానీ. బిగించింది కంపెనీ పంపిన మనిషే గనుక రెండు సందర్భాల్లోనూ బాధ్యత కొనుగోలుదారుది కాదు. అదే ఏడాదిన్నర తరువాత, గార దట్టంగా కట్టిన ఎలిమెంటు కాలిపోతే, కంపెనీ వాదనకు బలం ఉంటుంది. ఆ తేడాను కొనుగోలుదారు కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. కంపెనీ పేర్కొన్న పద్ధతికి విరుద్ధంగా బయటి మనిషి చేత బిగించినప్పుడు, ఎత్తయిన భవనాల్లో పెట్టవలసిన ప్రెషర్ వాల్వు పెట్టనప్పుడు కూడా ఫిర్యాదు బలహీనపడుతుంది.

హార్డ్ వాటర్ వాదనలో చట్టపరంగా మరో ప్రశ్న ఉంది, దాన్ని చాలామంది అడగరు. నీటి కాఠిన్యం ఇంతకు మించితే వారంటీ చెల్లదన్న షరతు పెట్టె లోపలి పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటే చాలదు. కొనేముందు పేజీ మీద కనిపించిందా అన్నది ప్రశ్న. గ్యారంటీ, వారంటీ వివరాలను కొనుగోలుదారు తెలిసి నిర్ణయించుకునేలా ముందే అందించాలని ఈ-కామర్స్ నిబంధనలు అమ్మకందారును, వేదికను కూడా ఆదేశిస్తున్నాయి. ‘5 ఏళ్ల వారంటీ’ అని పెద్ద అక్షరాల్లో చూపించి, అది ట్యాంకుకు మాత్రమేనని, ఎలిమెంటుకు తక్కువేనని, బోరు నీటికి అసలు లేదని పెట్టె విప్పాక చెప్పడం ఆ నిబంధనల ఉద్దేశానికి విరుద్ధం. అందుకే కొన్న రోజే ఉత్పత్తి పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం, ఇన్వాయిస్ దాచుకున్నంత అవసరం; నెల తిరిగేసరికి ఆ పేజీలోని మాటలు మారిపోవచ్చు.

ఇక 7 రోజుల గడువు సంగతి. ఇది అన్నిటికన్నా ఎక్కువ మందిని నిరుత్సాహపరిచే జవాబు, చట్టం ముందు అన్నిటికన్నా తక్కువ నిలిచే జవాబు. మార్పిడి గడువు వేదిక తన సౌలభ్యం కోసం పెట్టుకున్న విధానం. గడువులోగా అయితే పెద్దగా విచారణ లేకుండానే మార్చి ఇస్తామన్నది దాని అర్థం. నిర్ణీత గడువులోగా లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడాన్ని, బిల్లులో గడువు ఏదీ లేకపోతే 30 రోజుల్లోగా తీసుకోకపోవడాన్ని చట్టం ‘అనుచిత వ్యాపార పద్ధతి’గా పరిగణిస్తుంది. అందువల్ల గడువు దాటాక ఆ ఒక్క ఆరోపణ బలం తగ్గుతుంది, అంతే. వస్తువులో లోపం ఉందన్న ఫిర్యాదు అలాగే ఉంటుంది; దానికి చట్టం 69వ సెక్షను ఇచ్చిన వ్యవధి, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు. వేదిక తన షరతుల్లో రాసుకున్న వారం రోజులు పార్లమెంటు ఇచ్చిన రెండేళ్లను తగ్గించలేవు. వివాదం వస్తే మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలన్న షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు పోదని కూడా సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో స్థిరపరిచింది.

ఇలా ఆధారాలు చేతిలో ఉన్న కుటుంబం నవంబరు 4న ఫిర్యాదుల అధికారికి ఈమెయిలు రాసిందనుకుందాం. ఈ లేఖలో కోపం కన్నా తేదీలు ఎక్కువ పనిచేస్తాయి. ఆర్డరు నంబరు, ఇన్వాయిస్ నంబరు, అమ్మకందారు పేరు, బిగించిన తేదీ, ఎంసీబీ పడిన తేదీ, సర్వీసు మనిషి వచ్చిన తేదీ, అతడు రాసిన కారణం, అతడు ఎలిమెంటు విప్పలేదన్న విషయం వరుసగా రాసి, చివర కోరికను ఒక్క వాక్యంలో పెట్టాలి: ‘గీజరును వెనక్కి తీసుకుని 7,499 రూపాయలు తిరిగి చెల్లించాలి, లేదా కొత్త గీజరును ఉచితంగా బిగించి ఇవ్వాలి.’ ‘తగిన చర్య తీసుకోగలరు’ అని ముగించే లేఖకు ‘తగిన చర్య తీసుకుంటున్నాం’ అన్న జవాబే వస్తుంది. నిబంధన ప్రకారం నవంబరు 6లోగా అందినట్టు సమాచారం రావాలి, డిసెంబరు 4లోగా పరిష్కారం దొరకాలి. రాకపోతే ఆ రాకపోవడమే సేవా లోపానికి రాతపూర్వకమైన సాక్ష్యం అవుతుంది.

నెల ముగియకముందే గానీ ముగిశాక గానీ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనును ఆశ్రయించవచ్చు. దాని నంబరు 1915, తెలుగులో మాట్లాడే వీలుంది, consumerhelpline.gov.in లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ ఇచ్చే డాకెట్ నంబరును జాగ్రత్త పెట్టుకోవాలి. హెల్ప్‌లైను న్యాయస్థానం కాదు, అది ఎవరినీ ఆదేశించలేదు. ఫిర్యాదును సంస్థ ముందు పెట్టి జవాబు రాబడుతుంది. అయినా చాలా గృహోపకరణాల వివాదాలు ఈ దశలోనే తేలడానికి అవకాశముంది, ఎందుకంటే ప్రభుత్వ వ్యవస్థ ద్వారా వచ్చిన ఫిర్యాదు సంస్థలో కాల్ సెంటర్‌ను దాటి, నిర్ణయం తీసుకోగల చోటుకు చేరుతుంది.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ ఉంది. పాత చట్టం కింద, ఎదుటి పక్షం ఉన్న చోటో, వ్యవహారం జరిగిన చోటో కేసు వేయవలసి వచ్చేది. ముంబయిలో గోదాము, గురుగ్రామ్‌లో కార్యాలయం ఉన్న అమ్మకందారు మీద చందాపుర మనిషి ఎక్కడికి వెళ్లాలన్నదే పెద్ద తగాదాగా ఉండేది. 2019 చట్టం ఆ తగాదాను తీర్చేసింది: ఫిర్యాదుదారు నివసించే చోట గానీ ఉద్యోగం చేసే చోట గానీ కేసు వేయవచ్చు. అనేకల్ తాలూకా బెంగళూరు నగర జిల్లాలో ఉంది గనుక చందాపుర నివాసి బెంగళూరు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. నగరంలోని ఇలాంటి కమిషన్లలో కొన్ని శాంతినగర్‌లో బీఎంటీసీ భవనంలో పనిచేస్తున్నాయి. వస్తువుకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల వరకు అయితే దాఖలు రుసుము ఏమీ లేదు. 7,499 రూపాయల గీజరు కోసం కేసు వేస్తే కట్టవలసిన రుసుము సున్నా. వకీలు తప్పనిసరి కాదు. ఇంటి నుంచే e-jagriti.gov.in ద్వారా దాఖలు చేయవచ్చు. 2020లో మొదలైన ఈ-దాఖిల్ వ్యవస్థ స్థానంలో 2025 జనవరి 1న ఈ-జాగృతి వచ్చింది. కర్ణాటకలో గనుక ఫిర్యాదు కన్నడంలో గానీ ఇంగ్లీషులో గానీ రాయడం సులువు.

ఎవరి మీద వేయాలన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే: ముగ్గురి మీదా, అంటే అమ్మకందారు, వేదిక, తయారీదారు. ఒకరిని వదిలితే, మిగిలినవారు తప్పు ఆ లేనివారిదేనంటారు. ‘మేము అంగడి మాత్రమే’ అన్న వేదికల జవాబును ఎల్లవేళలా ఒప్పుకోనక్కరలేదని బెంగళూరులోనే ఉదాహరణ ఉంది: డబ్బు ముందే కట్టించుకుని ఫోను పంపని సందర్భంలో, 12,499 రూపాయల ధరను వడ్డీతో తిరిగివ్వాలని, దానిపైన జరిమానా, ఖర్చులు చెల్లించాలని నగర కమిషన్ ఫ్లిప్‌కార్ట్‌ను ఆదేశించిన సంగతి 2023 జనవరిలో పత్రికల్లో వచ్చింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కూడా 2022 ఆగస్టులో, ప్రమాణాలు పాటించని ప్రెషర్ కుక్కర్ల అమ్మకాలకు సంబంధించి అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేస్తూ, ఆ 2,265 కుక్కర్ల మీద వేదిక రుసుము సంపాదించిందన్న విషయాన్ని లెక్కలోకి తీసుకుంది. అమ్మకంలో ఆదాయం ఉన్నవారికి అమ్మకంలో బాధ్యత కూడా ఉంటుందన్న ఈ తర్కం న్యాయమైనది.

కేసు నమోదై నోటీసు అందాక ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబివ్వాలి. కమిషన్ ఇంకో 15 రోజులు మాత్రమే పొడిగించగలదు. ఆ 45 రోజులు దాటితే ఇక పొడిగింపు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చి 4న హిల్లీ మల్టీపర్పస్ కోల్డ్ స్టోరేజ్ కేసులో తీర్పిచ్చింది. లోపం చూసి తేల్చలేనిదైతే, కమిషన్ వస్తువును సీలు వేసి తగిన ప్రయోగశాలకు పంపుతుంది. ఆ పరీక్ష రుసుమును ముందుగా ఫిర్యాదుదారు కట్టవలసి రావచ్చు. అందుకే కాలిపోయిన ఎలిమెంటును, విప్పిన సీలును పారేయకూడదు. కొత్త గీజరు కొనుక్కున్నా పాతదాన్ని తుక్కువాడికి ఇవ్వకూడదు. పరీక్ష అవసరం లేని కేసును 3 నెలల్లో, అవసరమైనదాన్ని 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో వాయిదాల వల్ల అంతకన్నా ఎక్కువ కాలం పట్టడం కద్దు, ఆ సంగతి తెలిసే దిగాలి.

కమిషన్ ఏమివ్వగలదు? లోపాన్ని సరిచేయమనగలదు, వస్తువును మార్చమనగలదు, ధర వడ్డీతో తిరిగివ్వమనగలదు, నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించగలదు. కోరినదంతా దొరుకుతుందని అనుకోకూడదు. ఒక భాగం మారిస్తే సరిపోయే చోట మొత్తం వస్తువును మార్చమనలేమని సుప్రీంకోర్టు 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో, ఒక కారు క్లచ్ గురించిన వివాదంలో చెప్పింది. కాబట్టి ఒకే లోపం మరమ్మతు చేసినా మళ్లీ మళ్లీ వస్తోందని గానీ, మరమ్మతుకే నిరాకరించారని గానీ చూపగలిగితేనే ధర వాపసు కోరిక నిలుస్తుంది. చందాపుర కుటుంబం విషయంలో నిరాకరణ జాబ్‌షీటులోనే ఉంది. 7,499 రూపాయల గీజరుకు లక్షల పరిహారం అడగడం వల్ల ఫిర్యాదు బరువు పెరగదు; తడి గోడకు చేసిన మరమ్మతు రసీదు, కమిషన్‌కు వెళ్లిరావడానికి సెలవు పెట్టిన రోజుల జీతం వంటివి లెక్క కట్టి అడగడం వల్ల పెరుగుతుంది. ఆదేశాన్ని పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు గానీ, 25,000 రూపాయల నుంచి లక్ష వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించే అధికారం 72వ సెక్షను కింద కమిషన్‌కు ఉంది.

చందాపుర పరిస్థితుల్లో తరచూ వచ్చే రెండు సందేహాలకు ఇక్కడే జవాబు చెప్పాలి. మొదటిది: ఇక్కడ ఉద్యోగం చేసే కొడుకు అనంతపురం జిల్లాలోని తల్లిదండ్రుల ఇంటికి గీజరు పంపితే, ఫిర్యాదు హక్కు ఎవరిది? ఇద్దరిదీ. కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే గనుక తల్లిదండ్రులు తమ జిల్లా కమిషన్‌లో, కొడుకు బెంగళూరులో, ఎవరికి వీలైతే వారు ఫిర్యాదు చేయవచ్చు. రెండవది: ఈ ప్రాంతంలో విస్తారంగా ఉన్న పీజీ హాస్టళ్ల యజమాని గదికొకటి చొప్పున పది గీజర్లు కొంటే? వ్యాపార ప్రయోజనం కోసం కొన్నది చట్టం రక్షణలోకి రాదు. సొంత శ్రమతో బతుకుతెరువు కోసం నడుపుకునే చిన్న వ్యాపారానికి మాత్రం మినహాయింపు ఉంది. మనుషుల్ని పెట్టి నడిపించే పెద్ద హాస్టల్‌కు ఆ మినహాయింపు దొరకడం కష్టం. భర్తా భార్యా కలిసి వంట వండి పెట్టి నాలుగు గదులు నడుపుకునే చోట దొరకవచ్చు.

చివరిగా, గీజరు నీటితోనూ కరెంటుతోనూ ఏకకాలంలో పనిచేసే వస్తువు గనుక, దాని లోపం డబ్బు నష్టంతో ఆగకపోవచ్చు. స్టోరేజ్ గీజర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 2025 మార్చిలో భారతీయ ప్రమాణాల సంస్థ అధికారులు ఢిల్లీలో అమెజాన్‌కు చెందిన ఒక గోదాములో జరిపిన సోదాలో ఐఎస్ఐ గుర్తు లేని, లేదా నకిలీ గుర్తు ఉన్న 3,500కు పైగా ఉపకరణాలను పట్టుకున్నారు. వాటిలో గీజర్లూ ఉన్నాయి. పెట్టె విప్పగానే గుర్తు కింద ఉండే సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు నంబరును BIS Care యాప్‌లో కొట్టి చూస్తే అది అసలుదో కాదో తేలుతుంది. లోపం వల్ల మనిషికి షాకు తగిలి గాయమైనా, ఇంట్లోని ఇతర ఆస్తి తగలబడినా, అది ‘ఉత్పత్తి బాధ్యత’ అనే మరో అధ్యాయం కిందికి వస్తుంది. అక్కడ తయారీదారు తన అజాగ్రత్త లేదని నిరూపించుకున్నా బాధ్యత నుంచి తప్పించుకోలేని సందర్భాలున్నాయి. ఎంసీబీ పడిపోతున్న గీజరును, ఫిర్యాదు నడుస్తోంది కదా అని మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకూడదు. ప్లగ్గు తీసి, తడి ఉన్న చోటును వీడియో తీసి, అలాగే ఉంచాలి.

ఇంట్లో ఇప్పటికే ఇలాంటి ఉపకరణం పనిచేయకుండా ఉన్న శ్రోతలు ఈ రోజే ఇన్వాయిస్ తీసి, దాని వెనుక ఆ లోపం మొదటిసారి కనిపించిన తేదీని రాసిపెట్టుకోవాలి. రెండేళ్ల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.